పోలిక ఉంది... పొణికి లేదు!

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద వెళ్తూ ఇబ్రహీంపట్నం దగ్గర కుడివైపు తిరిగితే తిరువూరు రోడ్డు. ముందు కొండపల్లి వస్తుంది, తర్వాత జి.కొండూరు, ఆపైన మైలవరం. దారి పొడవునా తోడొచ్చే కొండల మీద ఒకప్పుడు తెల్లపొణికి చెట్లు బాగా ఉండేవి. జి.కొండూరు మండలం దాకా పరుచుకున్న కొండపల్లి అడవి అది. సంక్రాంతికి మనింటి కొలువులో కూర్చునే దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి ఆ చెట్టు నుంచి పుట్టినవే.

ఇప్పుడు అదే ఏనుగు ఊరూరా దొరుకుతోంది. ఎగ్జిబిషన్లలో, గుడి దగ్గర దుకాణాల్లో, హైవే హోటళ్ల పక్క స్టాళ్లలో వరసగా నిలబడి ఉంటుంది. ‘‘ఇది కొండపల్లిదేనా బాబూ?’’ అని అడిగి చూడండి. ‘‘అచ్చం కొండపల్లేనమ్మా’’ అంటాడు. ‘అచ్చం’ అన్న మాటలోనే ఉంది కిటుకంతా!

అసలు ఏనుగు ఎలా తయారవుతుందో చూస్తే నకలు ఎక్కడ దొరికిపోతుందో తెలుస్తుంది. పొణికి కర్రను ముక్కలుగా కోసి, సన్నని సెగ మీద తడి పోయేదాకా ఆరబెడతారు. తడి మిగిలితే తర్వాత రంగు పగులుతుంది. ఒంటిని ఉలితో చెక్కుతారు. తొండం, చెవులు, అంబారీ, పైన కూర్చునే మనుషులు అన్నీ విడివిడిగా చెక్కిన ముక్కలే. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికిస్తారు. దీన్నే మక్కు అంటారు. అతుకు ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. ఇంట్లో మగవాళ్లు చెక్కితే ఆడవాళ్లు రంగులు వేయడం చాలా కుటుంబాల్లో రివాజు.

నకలుకు ఈ గొడవేమీ లేదు. ఒక అసలు బొమ్మ కొని అచ్చు తీస్తే చాలు. రెసిన్‌తోనో ప్లాస్టిక్‌తోనో వందలు పోస్తారు. చెక్కే మనిషికి రోజులు పట్టే పని అచ్చుకి నిమిషాలే. ధర అందుకే సగానికి సగం తగ్గుతుంది. చవకది పక్కన పెట్టి చూశాక అసలుది ‘ఎక్కువ చెప్తున్నారు’ అనిపిస్తుంది. అమ్మకం పోవడం ఒక నష్టం. ఆర్నెల్లకు ఆ చవక ఏనుగు తొండం విరిగితే ‘కొండపల్లి బొమ్మలు ఇప్పుడు బాగా రావట్లేదు’ అనే మాట పుట్టడం అంతకంటే పెద్ద నష్టం. తప్పు ఒకరిది, మాట పడేది ఇంకొకరు!

చట్టం లేదా? ఉంది. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003 నుంచి అమలైంది. కొండపల్లి బొమ్మలకు 2006-07లో ఆ గుర్తింపు దక్కింది. కానీ ఆ చట్టం కాపాడేది పేరును. ‘కొండపల్లి’ అని రాయకుండా అదే ఏనుగును అచ్చుపోసి అమ్మితే ఆ గుర్తింపు అడ్డుకోవడం కష్టం. నోటితో చెప్పి అమ్మేవాణ్ని పట్టుకోవడం ఇంకా కష్టం. పైగా ఈ పేరు అందరిదీ. ఊరంతటి పేరు కోసం ఒక కుటుంబం తన పని మానుకుని స్టాలు స్టాలుకూ తిరగదు కదా!

దిగుమతుల మీదా కట్టడి వచ్చింది. బొమ్మలపై కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు కింద నమోదైన తయారీదారులకు, హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఐఎస్ఐ లేదని అసలు కొండపల్లి బొమ్మను అనుమానించకండి. అయితే షోకేసులో పెట్టుకునే రెసిన్ ఏనుగు ఆటబొమ్మ కిందికే రాదు. ఇక్కడే అచ్చుపోసిన సరుకును సుంకం ఎలాగూ ఆపదు.

కోర్టు గడప ఎక్కకుండా చేయగలిగింది ఇంకేముంది? మొదటిది, కొనేవాళ్ల చేతికే పరీక్ష నేర్పడం. బొమ్మను చేతిలోకి తీసుకోండి. పొణికి చాలా తేలిక. సైజు చూసి ఊహించిన దానికంటే తక్కువ బరువుండాలి. రెసిన్ అయితే బరువుగా తగులుతుంది, ప్లాస్టిక్‌ది తడితే డొల్లగా మోగుతుంది. తర్వాత చెవి వెనక, భుజం దగ్గర చూడండి. ముక్కను అతికించిన చోట మక్కు ఆనవాలు లీలగా కనిపిస్తుంది. అచ్చు బొమ్మకు అతుకులుండవు. ఒంటికి రెండువైపులా సన్నని గీత మాత్రం ఉంటుంది. చివరగా ఒకే రకం రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టండి. కనుబొమలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అవి చెయ్యి దిద్దినవి కావు.

గుండ్రంగా, లక్క మెరుపుతో ఉన్న చెక్కబొమ్మను కొండపల్లిదని ఇస్తే అది బహుశా ఏటికొప్పాకది. అంకుడు కర్రను తిప్పుతూ లక్క పూసే పని వాళ్లది. అది నకిలీ కాదు, మరో మంచి ఊరి పేరు. తప్పు పేరుతో అమ్మితే రెండు ఊళ్లకూ అన్యాయమే.

రెండోది, బొమ్మకు ఇంటి పేరు తగిలించడం. ఇంకో తేలిక కర్రను ఎవరైనా ఎక్కడో చేత్తోనే చెక్కితే పై పరీక్షలేవీ పనిచేయవు. అప్పుడు నమ్మకం కాగితం మీదే. అడుగున చేసిన కుటుంబం గుర్తు, పెట్టె మీద భౌగోళిక గుర్తింపు లోగో, చేతికి ఒక బిల్లు ఉండాలి. కానీ ఆ లోగో వాడే హక్కు ఊళ్లో ఉన్నంత మాత్రాన రాదు. ప్రతి తయారీదారూ చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఆ పని చేయనంత కాలం అసలు బొమ్మ కూడా స్టాలులో అనామకమే.

మూడోది కాస్త కష్టమైన మాట. పాతరోజుల్లో ఆకులు, గింజల రంగులు వాడేవారు. తర్వాత ఎనామెల్ వచ్చింది. పని తేలికైంది, మెరుపూ పెరిగింది. ఆ మెరుపే బొమ్మను ప్లాస్టిక్‌కి దగ్గర చేసింది. సహజ రంగుకు ఖర్చూ సమయమూ ఎక్కువే. కానీ ఆ మెత్తని, మెరుపులేని ఛాయ అచ్చుబొమ్మకు రాదు. చేసే ఇంటి ముందే కూర్చుని అమ్మడం, ఉలి పడే చప్పుడు వినిపించడం, అడిగిన బొమ్మను అడిగినట్టు చెక్కివ్వడం కూడా అంతే. అచ్చుపోసేవాడు ఇవేవీ ఇవ్వలేడు.

వీటన్నిటికీ మూలం మళ్లీ ఆ కొండలే. పొణికి అరుదైతే ధర పెరుగుతుంది, మరో కర్ర వాడదామన్న ఆశ అసలు చేతులకే పుడుతుంది. ఆ రోజు నకలును గుర్తుపట్టడానికి బరువూ ఉండదు, మక్కూ సాక్ష్యం చెప్పదు. అందుకే నాటిన పొణికి మొక్క ఒక్కొక్కటీ ఈ పేరుకు కాపలా. ఈసారి కొలువుకి బొమ్మ కొంటే ముందు చేతిలోకి తీసుకుని తూచండి. తర్వాత ‘ఎవరింట్లో చేశారు?’ అని అడగండి. ‘అచ్చం కొండపల్లే’ అన్నవాడి దగ్గర ఆ రెండో ప్రశ్నకు జవాబుండదు.