కందిపొడి, రొయ్యల పొడి, మధ్యలో ఒక పేరు

పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా చదవండి. మీ ఊళ్ళో పొదుపు సంఘం వాళ్ళు ఏదైనా తినే వస్తువు చేసి అమ్ముతుంటే మాత్రం తప్పకుండా చదవండి.

మేం ముగ్గురం బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మాది గూడూరు దగ్గర యానాదుల కాలనీ. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా అమ్మలు, పిన్నులు కలిసి పదకొండు మంది ఒక సంఘం. మూడేళ్ళ కిందట కందిపొడి, కారప్పొడి కొట్టి ప్యాకెట్లు కట్టడం మొదలుపెట్టారు. లేబుల్ మీద సంఘం పేరే వేశారు. పసుపు రంగు స్టిక్కరు, ఎర్ర అక్షరాలు. ఆ పేరు ఇక్కడ చెప్పం, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

పోయిన ఏడాది ఎండు రొయ్యల పొడి కూడా మొదలుపెట్టారు. గిలకలదిండి నుంచి ఎండు రొయ్యలు తెచ్చి, తలకాయలు తీసి, వేయించి, వెల్లుల్లి వేసి దంచుతారు. బాగా కుదిరింది. స్టిక్కర్లు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి కదా అని దానికీ అదే పసుపు స్టిక్కరు అంటించారు. అక్కడే వచ్చింది తంటా.

బందర్లో మా ప్యాకెట్లు పెట్టే కొట్టాయన ఒకరోజు నలభై కందిపొడి ప్యాకెట్లు వెనక్కి ఇచ్చేశాడు. "ఏమ్మా, మీ పొడి బానే ఉంటది. కానీ దీని పక్కనే రొయ్యల పొడి చూశారు జనం. ఒకే రోట్లో దంచుతారేమో అని అడుగుతున్నారు. నేనేం చెప్పను?" అన్నాడు. నిజానికి రోళ్ళు వేరు, దంచే రోజులూ వేరు. కందిపొడి ప్యాకెట్ మీద శాకాహారం ఆకుపచ్చ గుర్తు కూడా ఉంది. కానీ దూరం నుంచి చూసేవాళ్ళకి ఆ చిన్న చుక్క కనపడదు, పసుపు స్టిక్కరు కనపడుతుంది. శ్రావణ మాసంలో మాంసం మానేసినవాళ్ళు ఆ పేరు చూస్తే ముందు రొయ్యే గుర్తొస్తది.

మా క్లాసులో మార్కెటింగు పేపరు ఉంది. అందులో బ్రాండ్ ఆర్కిటెక్చర్ అని ఒక పాఠం. పరీక్షకి బట్టీ పట్టి మర్చిపోయాం. ఆ నలభై ప్యాకెట్లు మూట కట్టుకుని అమ్మ బస్సు దిగినప్పుడు ఆ పాఠం మళ్ళీ తీశాం.

సంగతి కష్టమేం కాదు. మన ఇంటిపేర్లలాగా అనుకోండి. ఒక కంపెనీ తన వస్తువులన్నిటికీ ఒకే ఇంటిపేరు పెడితే అది బ్రాండెడ్ హౌస్. అమూల్ చూడండి. వెన్న అమూల్, పాలు అమూల్, ఐస్‌క్రీమ్ అమూల్, చాక్లెట్ అమూల్. అలా కాకుండా ఒక్కో బిడ్డకి ఒక్కో పేరు పెట్టి, ఇంటిపేరు ఎక్కడో చిన్నగా రాస్తే అది హౌస్ ఆఫ్ బ్రాండ్స్. బ్రూ కాఫీ, సర్ఫ్ ఎక్సెల్, విమ్ మూడూ హిందుస్థాన్ యూనిలీవర్‌వే. విమ్ కాఫీ అని వస్తే మనం తాగుతామా? అంట్లు తోమిన వాసనే వస్తది. అందుకే ఆ కంపెనీ తన పేరు వెనక నిలబడి, ముందు వేరే పేర్లు నిలబెట్టింది.

ఒకే పేరు వల్ల లాభం ఏంటంటే, ఒక వస్తువు తెచ్చుకున్న నమ్మకం ఇంకో వస్తువుకి ఉత్తపుణ్యానికి వస్తది. కొత్తది పెట్టినప్పుడు మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. నష్టం కూడా అదే దారిన వస్తది. నమ్మకం వచ్చిన దారినే అనుమానం కూడా నడిచి వస్తది.

2015లో మ్యాగీ గొడవ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మేం అప్పుడు ఐదో తరగతి. సీసం ఎక్కువుందని జూన్‌లో దేశమంతా ఆపేశారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, మళ్ళీ పరీక్షలు చేయించాక నవంబరులో నూడుల్స్ కొట్లలోకి వచ్చాయి. ఈ మధ్యలో ఆ కంపెనీ దాదాపు 38,000 టన్నుల నూడుల్స్ నాశనం చేయించింది. కంపెనీ పేరు నెస్లే. అయితే కొట్లో కిట్‌క్యాట్, మంచ్ అడిగే పిల్లలకి ఆ రెండూ మ్యాగీ వాళ్ళవే అని తెలుసా? మాకు తెలీదు. పేర్లు వేరు కాబట్టి గోడ అడ్డం నిలబడింది. కానీ మ్యాగీ పేరుతోనే ఉన్న సాస్‌కి ఆ గోడ లేదు. అంటే గోడ ఎక్కడ కడతామన్నదే అసలు ప్రశ్న.

మరి మన గిరిజనుల వస్తువులు అమ్మే పెద్ద సంస్థ ఏం చేసింది? 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం, విశాఖపట్నం నుంచి నడుస్తుంది. తేనె, సబ్బులు లాంటివి గిరిజన్ అనే పేరుతో అమ్ముతుంది. అది ఇంటిపేరు పద్ధతి. తేనె తిని నమ్మినవాళ్ళు సబ్బు కూడా తీసుకుంటారు, ఎందుకంటే ఆ పేరు ఇచ్చే మాట ఒకటే: ఇది కొండ మీద మనవాళ్ళు సేకరించిన సరుకు. తేనెకీ, కుంకుడుకాయకీ, చింతపండుకీ ఆ మాట సరిపోతుంది.

కాఫీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందు నిలబడే పేరు అరకు వ్యాలీ. కాఫీ తాగేవాళ్ళు ఎవరు సేకరించారు అని కాదు, ఏ కొండ మీద పండింది అని అడుగుతారు కాబట్టి అది తెలివైన పనే. కానీ ఇక్కడ మాకు ఒక చిక్కు కనపడింది. అరకు అనేది ఊరి పేరు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఒక కంపెనీది కాదు, ఆ ప్రాంతంలో పండించేవాళ్ళందరిదీ. నాంది ఫౌండేషన్ మొదలుపెట్టిన అరకు కాఫీ 2017లో పారిస్‌లో కొట్టు తెరిచింది, అది వేరే సంస్థ. కొనేవాళ్ళలో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఊరి పేరు మీద పెట్టిన ప్రచారం ఖర్చు ఊరందరికీ పంచినట్టే. రైతుకి అది మంచిదే, ధర పెరుగుతుంది. కంపెనీకి మాత్రం దాంతోపాటు తనదైన పేరొకటి ఉండాలి. అరకు వ్యాలీ పెద్దగా, కింద జీసీసీ గుర్తు చిన్నగా వేస్తే రెండు పనులూ అవుతాయి. పుస్తకంలో దీన్ని ఎండార్స్‌డ్ బ్రాండ్ అన్నారు. బిడ్డ పేరు పెద్దగా, ఇంటిపేరు పొడి అక్షరంగా.

ఇక మా సంగతి. ముందు మేం తెలివి ఎక్కువై, కందిపొడికో పేరు, కారప్పొడికో పేరు, రొయ్యల పొడికో పేరు పెడదాం అన్నాం. మా పిన్ని ఒక్క మాటతో ఆపింది. "కొట్టాయనకి ఒక పేరు గుర్తుండటానికే రెండేళ్ళు పట్టింది. మూడు పేర్లు ఎవడు మోస్తాడ్రా?"

లెక్క వేశాం. ట్రేడ్‌మార్కు దరఖాస్తు ఆన్‌లైన్లో చిన్న సంస్థకి ఒక్కో పేరుకి, ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. చేపా రొయ్యా సరుకు 29వ తరగతి, మసాలా పొడులు 30వ తరగతి. ఒకే పేరు రెండింటికీ పెట్టినా రెండు తరగతులు, 9,000. రెండు పేర్లు పెట్టి ఒక్కోదాన్ని దాని తరగతిలోనే వేసినా 9,000. ఫీజు తేడా లేదు, మేం ఉందనుకున్నాం. తేడా మిగతా చోట ఉంది. మా ప్రింటింగు ప్రెస్సులో వెయ్యి స్టిక్కర్లకి తక్కువ వెయ్యరు. పేరు పెరిగిన కొద్దీ వెయ్యి వెయ్యి పడి ఉంటాయి. అంతకన్నా పెద్ద ఖర్చు, కొత్త పేరుని కొట్టు కొట్టుకీ తిరిగి చెప్పుకోవడం.

అందుకని రెండు ఆదివారాలు కొట్టు దగ్గర నిలబడి, మా ప్యాకెట్ పట్టుకున్నవాళ్ళని అడిగాం. రొయ్యల పొడి కొనేవాళ్ళు కందిపొడి కూడా సంతోషంగా తీసుకుంటున్నారు, పేరు తెలుసు కాబట్టి. కందిపొడి మాత్రమే తినేవాళ్ళు రొయ్య చూసి వెనక్కి పోతున్నారు. కందిపొడికీ కారప్పొడికీ మధ్య అసలు గొడవే లేదు. అంటే గోడ ప్రతి వస్తువు మధ్యా అక్కర్లేదు, నీచుకీ శాకానికీ మధ్య ఒక్కటి చాలు. పాత పేరు పొడులకి ఉంచి, రొయ్యల పొడికి కొత్త పేరు, కొత్త రంగు అని తేల్చాం. రేపు ఎండు నెత్తళ్ళు పెట్టినా కొత్త పేరు కిందికే వస్తాయి.

వానాకాలంలో మా డెల్టా గాలికి రొయ్యల పొడి చెమ్మ పట్టి ముద్ద కడుతుంది. రొయ్య చేత్తో నలిపితే పటపటమని విరగాలి, సాగితే అది ఎండలేదని. ఎప్పుడైనా ఒక దఫా పాడైతే ఆ మాట కందిపొడి దాకా రాకుండా ఉండటం కూడా ఒక లాభం.

అయితే గోడ పూర్తి గోడ కాదు. ఆహార చట్టం ప్రకారం ప్యాకెట్ వెనక తయారీదారు పేరు, చిరునామా ఉండాల్సిందే. ముందు ఎన్ని పేర్లు పెట్టినా వెనక తిప్పి చూస్తే ఇల్లు ఒకటే అని తెలుస్తుంది.

ఇక్కడే సంఘంలో పెద్ద గొడవ అయింది. మా చిరునామాలో కాలనీ పేరు ఉంటుంది. ఆ పేరు చదివితే ఇక్కడివాళ్ళకి మేం ఎవరమో తెలిసిపోతుంది. మన చేతి వంట అంటే ముఖం పక్కకి తిప్పే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, దాచడం దేనికి. ఇద్దరు అత్తలు, చిరునామా ఎంత చిన్నగా వీలైతే అంత చిన్నగా వేయించండి, ముందు మాత్రం ఏ కులమూ తెలియని పేరు పెట్టండి అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. జీసీసీ వాళ్ళు తేనె డబ్బా మీద గిరిజన్ అని పెద్దగా వేసి అమ్ముతున్నారు, జనం అది చూసే కొంటున్నారు, మనమెందుకు దాక్కోవాలి అంది. ఒక అత్త తిరిగి అంది: "తేనె ఈగ చేసింది వదినా, మన చెయ్యి పడలేదనుకుంటారు. కందిపొడి మన చేత్తో దంచింది."

మేం ముగ్గురం నోరెత్తలేకపోయాం. ఆ తేడా మా పుస్తకంలో లేదు.

ప్రస్తుతానికి కొత్త పేరు రొయ్యల పొడి మీద పెద్దగా, కింద సంఘం పేరు చిన్నగా వేయించాం. చిరునామా చట్టం చెప్పిన సైజులోనే, కాలనీ పేరుతో సహా ఉంది. కందిపొడి స్టిక్కరు మీద మాత్రం ఇంకా తేలలేదు. పాత స్టిక్కర్లు మూడొందలు మిగిలాయి, అవి అయిపోయేలోపు చెప్పాలి. నలభై ప్యాకెట్లు వెనక్కిచ్చిన కొట్టాయన మొన్న ఇరవై తీసుకున్నాడు, రొయ్యల పొడి వేరే అరలో పెట్టాడు. మీ సంఘాల్లో ఎవరైనా కాలనీ పేరు, తెగ పేరు ముందు వేసి అమ్ముతుంటే, కొట్టు దగ్గర జనం ఏమంటున్నారో కింద రాయండి. అమ్మకి, అత్తలకి చదివి వినిపిస్తాం.