సున్నా చూసి సంబరపడకండి

మా మామయ్యగారికి కొలెస్ట్రాల్ ఎక్కువని తెలిశాక, ఇక్కడ ట్రాయ్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడందే బుట్టలో వేయడం లేదు. మీ ఇంట్లోనూ అలాంటివాళ్ళుంటే ఇది మీకోసమే.

నూనెలో వేయించిన జంతికల ప్యాకెట్ మీద "Cholesterol 0mg" అని ఉంటుంది. అబద్ధం కాదు. కొలెస్ట్రాల్ మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి లాంటివాటిలోనే ఉంటుంది, పిండిలోనూ వంటనూనెలోనూ అసలుండదు. కానీ రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా పెంచేది సాచురేటెడ్ ఫ్యాట్. దానికి రెండు వరుసల పైన "Saturated Fat" అని ఉంటుంది, ముందు అది చూడండి. పామాయిల్‌లో దాదాపు సగం అదే, కొబ్బరినూనెలో ఇంకా ఎక్కువ.

ఒక లెక్క వేద్దాం. సర్వింగ్ 28 గ్రాములు, అందులో సాచురేటెడ్ ఫ్యాట్ 5 గ్రాములు, పక్కన 25% అని ఉందనుకోండి. ఆ శాతం రోజుకి 20 గ్రాముల చొప్పున వేసింది. కొలెస్ట్రాల్ తగ్గాల్సినవాళ్ళకి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే హద్దు, 2,000 కేలరీల తిండికి, సుమారు 13 గ్రాములే. టీతో పాటు గిన్నెడు, అంటే రెండు సర్వింగులు తింటే 10 గ్రాములు అక్కడే అయిపోయాయి. ఇక అన్నంలోకి నెయ్యికి చోటెక్కడ?

మామయ్యగారేమో గుడ్డు మానేశాను కదమ్మా అంటారు. ఒక గుడ్డులో సాచురేటెడ్ ఫ్యాట్ ఒకటిన్నర గ్రాములే! గుడ్లు వారానికి ఎన్నో డాక్టర్‌ని అడగాలి గానీ, వాటి బదులు జంతికలైతే లాభం లేదు.

గుర్తు ఇదీ: సాచురేటెడ్ ఫ్యాట్ పక్కన 5% లోపుంటే తక్కువ, 20% దాటితే ఎక్కువ. సర్వింగ్ ఎంతో మాత్రం మరవకండి.