ముడి ఒకటి, ముహూర్తాలు మూడు

రాయ్‌పూర్‌లోని తెలుగు ఇళ్లలో పెండ్లి మాట వచ్చినప్పుడు ముందుగా విచారించేది ఇంటిపేరు, ఆ తర్వాత ఊరు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం పూర్తయిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు అనేకం. తరాలు గడిచి, ఇంటి తెలుగులో హిందీ, ఛత్తీస్‌గఢీ కలిసిపోయినా, సంబంధం మాత్రం పలాసకో, బొబ్బిలికో వెళ్లి వెతుక్కోవడం పెద్దల అలవాటు. పిల్లలు ఇక్కడే చదువుకొని, ఇక్కడే ఉద్యోగాలు చేస్తూ, ఇక్కడివారినే ఇష్టపడుతున్నారు. అటువంటి ఒక సందర్భంలో ఇరుపక్షాల నడుమ రాయబారం నడిపే బాధ్యత మా దంపతులపై పడింది.

అమ్మాయి మా ఇరుగుపొరుగు వారి పెద్ద కుమార్తె. తండ్రి శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చి రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. అబ్బాయి జశ్‌పూర్ జిల్లాకు చెందిన ఉరావ్ గిరిజన కుటుంబంలో పుట్టిన కాథలిక్కు, రాయ్‌పూర్‌లోనే ఉద్యోగం. అంటే కులం, మతం, భాష మూడూ వేరు. 2022 వేసవిలో అమ్మాయి ఇంట్లో ఈ మాట చెప్పిన రోజు నుండి ఆ తండ్రి భోజనం సరిగా చేయలేదని ఆమె తల్లి మా ఇంటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నారు. “వదినా, మీరే ఏదో ఒకటి చెప్పండి. ఆయన నా మాట వినరు, అది వాళ్ల నాన్న మాట వినదు” అన్నారు.

ఆయన భయంలో సగం వార్తాపత్రికల నుండి వచ్చినదే. 2018లో ఈ నగరంలోనే ఒక ముస్లిం యువకుడు మతం మార్చుకొని, ధమ్తరీకి చెందిన జైన యువతిని ఆర్యసమాజ మందిరంలో వివాహమాడిన ఉదంతం ఇక్కడివారికి బాగా గుర్తు. పెండ్లి తర్వాత ఆ అమ్మాయి ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా పుట్టింటనే ఉంది. విషయం బయటపడిన తర్వాత వ్యవహారం బిలాస్‌పూర్ హైకోర్టుకు, అక్కడి నుండి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే సంవత్సరం ఆగస్టులో ఆమె సుప్రీంకోర్టు ఎదుట తల్లిదండ్రులతో వెళతానన్నది. మరుసటి ఏడు రాయ్‌పూర్‌లోని సఖీ కేంద్రంలో నెలల తరబడి ఉండవలసి వచ్చింది. తనకు ఇష్టమైన చోట ఉండవచ్చునని హైకోర్టు చెప్పినది 2019 నవంబరులో. ఆ తండ్రికి ఇందులో కనిపించినది ఒక్కటే: కూతురు, పోలీసులు, కోర్టు. మాకు కనిపించినది వేరు. రహస్యంగా జరిగిన పెండ్లిలో, అప్పటికప్పుడు జరిగిన మతమార్పిడిలో అవతలివారు నిజాయితీని శంకించడానికి చోటు దొరికింది. మన పిల్లలు దాచలేదు, ముందుగానే వచ్చి చెప్పారు. ఆ తేడాను ఆయన గుర్తించడానికి రెండు నెలలు పట్టింది.

ఆ తర్వాత ఆయన కొంత దిగివచ్చి, తనకు తోచిన పరిష్కారమొకటి చెప్పారు. “సరే బాబూ, గుడిలో తాళి కట్టమనండి. మన పద్ధతిలో అయిపోతే మా వాళ్ల నోళ్లు మూతపడతాయి. మిగతావి తర్వాత చూసుకొందాం.” వినడానికి ఉదారంగా ఉన్న ఈ ప్రతిపాదనలోనే అసలు చిక్కున్నది. మన ప్రాంతపు కుటుంబాల్లో ఈ రాజీ తరచుగా జరుగుతుంది గనుక దీనిని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

విశాఖపట్నంలో 1996లో ఒక రోమన్ కాథలిక్కు యువకుడు, ఒక హిందూ యువతి గుడిలో తాళి కట్టించుకొని, కొద్ది రోజులకే హిందూ వివాహ చట్టం కింద నమోదు కూడా చేయించుకొన్నారు. తర్వాత పొరపొచ్చాలు వచ్చి, ఆ వివాహమే చెల్లదని యువతి కుటుంబ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ న్యాయస్థానం ఆమె వాదన అంగీకరించలేదు; హైకోర్టు అంగీకరించింది; 2008లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచింది. కారణం సరళమైనది. హిందూ వివాహ చట్టం ప్రకారం వివాహం ఇద్దరు హిందువుల నడుమనే జరగాలి. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఆ చట్టం పరిధిలోనివారే గాని క్రైస్తవులు కారు. తాళి ఉన్నా, నమోదు పత్రం ఉన్నా, ఆ చట్టం కింద ఆ పెండ్లి పెండ్లి కాలేదు. అన్ని సంవత్సరాల సంసారం తర్వాత ఏ కుటుంబ పింఛను దగ్గరో, బీమా దగ్గరో ఈ సంగతి బయటపడితే ఆ ఆడపిల్ల గతి ఏమి? ఈ మాట చెప్పినప్పుడు ఆ తండ్రి చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే కాగితం వేరు, తాళి వేరు అన్నమాట” అన్నారు. ఆ వాక్యంతోనే రాయబారం దారిన పడిందని మేము భావిస్తున్నాము.

అబ్బాయివైపు వారిని చూడడానికి మేము జశ్‌పూర్ జిల్లాకు వెళ్లాము. తండ్రి వ్యవసాయదారు, మితభాషి. ఆయన బెంగ మరొక రకం. “అమ్మాయి మంచిదే. కానీ మా ప్రార్థనలో మా పక్కన ఎలా కూర్చుంటుంది?” అని హిందీలో అడిగారు. అమ్మాయి జ్ఞానస్నానం తీసుకొంటే తప్ప చర్చిలో పెండ్లి జరగదని ఆ ఇంట్లో అందరి నమ్మకం. అమ్మాయి మతం మారబోనని ముందే చెప్పింది. ఆమె తండ్రి ఒప్పుకొన్నది కూడా ఆ షరతు మీదనే. ఇక్కడ మాట ఆగిపోవలసినదే. కాని వారి విచారణ గురువు ఒక్క పూటలో దానిని విడదీశారు. బాప్తిస్మం పొందనివారితో కాథలిక్కు వివాహానికి బిషప్ అనుమతి పొందవచ్చు. అందుకు కాథలిక్కు అయిన వ్యక్తి తన విశ్వాసం వదలనని, పిల్లలను ఆ విశ్వాసంలో పెంచడానికి తన శక్తిమేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. అవతలి వ్యక్తికి ఆ మాట సంగతి తెలియజేయాలి. ఆమె ఏ వాగ్దానమూ చేయనక్కరలేదు. మతం మారవలసిన అవసరం అసలే లేదు. దశాబ్దాలుగా అమలులో ఉన్న నియమమిది. రెండు ఇళ్లవారూ నెలల తరబడి పోట్లాడుకొన్నది లేని నిబంధన గురించి!

అయితే “పిల్లలను పెంచడం” అన్న మాట అమ్మాయి తల్లికి ములుకులా గుచ్చుకొన్నది. అన్నప్రాశన, చెవులు కుట్టించడం చేయనిస్తారా అని ఆమె అడిగారు. చేయించండి, మేమూ వస్తాము అన్నారు అబ్బాయి తల్లి. బాప్తిస్మం మాట ఇద్దరు తల్లులూ ఎత్తలేదు. ఆ విషయం ఆనాడు తేలలేదు. తేల్చమని మేము పట్టుబట్టనూ లేదు. పుట్టని బిడ్డ గురించి వ్రాతపూర్వకమైన ఒడంబడిక కోరిన చోట సంబంధాలు చెడిపోవడం మేము చూచి ఉన్నాము.

ఆస్తి మాట ఊరి నుండి వచ్చింది. అన్యమతస్థుడిని ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకొంటే పిల్లకు తాతగారి ఇంటిలో హక్కు పోతుందని ఒక బాబాయి ఫోనులో గట్టిగా చెప్పారట. ఇందులో అర్ధసత్యం ఉన్నది. 1954 నాటి ఆ చట్టం ప్రకారం ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యురాలు హిందువు కాని వ్యక్తిని వివాహమాడితే ఆమె ఆ ఉమ్మడి కుటుంబం నుండి విడివడినట్లే లెక్క. విడివడడమంటే వాటా తేలిపోవడమే గాని వాటా పోవడం కాదు. ఆమె స్వంత ఆస్తి మటుకు తర్వాత భారత వారసత్వ చట్టం ప్రకారం సంక్రమిస్తుంది. వధూవరులిద్దరూ హిందువులై కులాలు మాత్రమే వేరైతే ఈ రెండు మార్పులూ వర్తించవు. న్యాయవాది చేత ఈ మాట చెప్పించిన తర్వాత ఆ బాబాయి మళ్లీ ఆస్తి ప్రసక్తి తేలేదు.

నిజమైన అడ్డంకి చివరికి గాని బయటపడలేదు. ఇంట్లో ఇంకొక ఆడపిల్ల ఉన్నది. “చిన్నదాని పెండ్లి అయ్యేదాకా ఆగండి” అన్నారు తండ్రి. చిన్నది అప్పుడు నర్సింగు రెండవ సంవత్సరం. అంటే నాలుగైదేళ్లు. గడువు కోరడం తప్పు కాదు. కాని తేదీ లేని గడువు మర్యాదగా చెప్పిన నిరాకరణే. మేము ఆయనను రెండే అడిగాము: ఏ నెల వరకు అని చెప్పగలరా, ఈలోగా అబ్బాయి తండ్రిని మీ ఇంటికి పిలవగలరా అని. మొదటిదానికి ఆలోచించి, ఏడాది అన్నారు. రెండవదానికి దసరా తర్వాత అన్నారు. వారు వచ్చిన రోజున ఇంటి ఆడవారు స్టీలు పళ్లేలు తీశారా, విస్తర్లు వేశారా అని మేము గమనించాము. ఎప్పుడూ బంధువులకు పెట్టే పళ్లేలలోనే పెట్టారు. ఆ పూట చిన్నమ్మాయే వడ్డించింది. “నా పేరు చెప్పి అక్క పెండ్లి ఆపకండి నాన్నా” అని అంతకుముందు రాత్రి ఆమె అన్నదట.

2023లో రాయ్‌పూర్ కలెక్టరేటులో వివాహాధికారికి నోటీసు ఇచ్చారు. ఇద్దరిలో ఒకరైనా అంతకుముందు 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి. నోటీసు ప్రకటించిన తర్వాత 30 రోజులు ఆగాలి. ఇచ్చిన నాటి నుండి మూడు నెలల లోపు వివాహం జరగకపోతే మళ్లీ నోటీసు ఇవ్వాలి. ఆ 30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు గాని, అందుకు కారణాలు పరిమితం: జీవించి ఉన్న భార్య లేక భర్త, వయస్సు, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం. కులం వేరు, మతం వేరు అన్నది అభ్యంతరం కానేకాదు. ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంటలకు ఈ నోటీసు బోర్డు ప్రమాదమే. 2021లో అలహాబాదు హైకోర్టు ఈ ప్రకటనను జంట ఇష్టానికి వదిలిపెట్టినది కూడా అందుకే. ఈ ఇంట్లో దాచవలసినది లేదు గనుక ఆ నెల వేరే విధంగా ఉపయోగపడింది. బంధువులు పుకారుగా వినకముందే తానే చెప్పాలని, తండ్రి తల్లిని వెంటబెట్టుకొని రైలెక్కి, శ్రీకాకుళం వెళ్లి, ఒక్కొక్క గడపా ఎక్కారు. మేనమామ మాత్రం తలుపు తీయలేదు.

వివాహాధికారి ఎదుట ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. మా దంపతులం ఇద్దరం, మూడవది అబ్బాయి అన్న. అది మొదటి ముహూర్తం. ఆ వారంలోనే చర్చిలో గురువు ఆశీర్వాదం రెండవది. మూడవది మా కాలనీలో వేసిన పందిరి కింద, పసుపుతాడుతో. తెలుగు కాథలిక్కులు చర్చిలోనే తాళి కట్టడం ఎరిగిన మాకు అది వింతగా తోచలేదు గాని, జశ్‌పూర్ నుండి వచ్చిన పెద్దలు మాత్రం జీలకర్ర-బెల్లం చూచి ఇదేమిటని అడిగి, చెప్పించుకొని, తాము కూడా అక్షతలు వేశారు.

శుభలేఖలో ఆహ్వానించువారి పేర్లలో మేనమామ పేరు కూడా వేయించారు అమ్మాయి తల్లి. ఆయన రాలేదు. చదివింపుల పుస్తకంలో ఆయన పేరున నూటపదహార్లు వ్రాసి ఉన్నవి. ఎవరు చదివించారో ఆమెకు తెలుసు, మాకు చెప్పలేదు.