ఉలి చప్పుడుకు గిట్టుబాటు

నాలుగు డాలర్లకు ఒక ఉలి చప్పుడు అమ్ముడైతే నా చేతికి వచ్చేది దాదాపు వంద రూపాయలు. రికార్డర్ కొనాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

నంద్యాలలో ఉండి నేను స్టాక్ సైట్లలో అమ్మేవి రెండు రకాలు: వీడియోల వెనక వినిపించే చిన్న సంగీతం ముక్కలు, సౌండ్ ఎఫెక్టులు. సంగీతంలో పోటీ విపరీతం. పియానో ముక్క ఎవరైనా ఎక్కడినుంచైనా పంపగలరు. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో ఉలి రాతిని తొలిచే చప్పుడు మాత్రం అక్కడికి వెళ్తేనే దొరుకుతుంది. నంద్యాల నుంచి బస్సులో గంట ప్రయాణం. అందుకే డబ్బు, సమయం ఎక్కువగా దాని మీదే పెట్టాను.

"ఏందప్పా, రాతి చప్పుడుకు కూడా డబ్బులిస్తారా?" అని షెడ్డులో ఉలి పట్టిన పెద్దాయన నవ్వారు. చేసిన పనికి కూలి ఇస్తానన్నాను, ఇచ్చాను. రికార్డింగ్ చేసింది నేను కాబట్టి 1957 కాపీరైట్ చట్టం కింద ఆ రికార్డింగ్ హక్కు నాదే. అయినా ఆయన దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకున్నాను. వాడకానికి అనుమతి ఉందని రేపు ఎవరికైనా చూపించాల్సి రావచ్చు.

షెడ్డులో అసలు చిక్కు రాయితో కాదు, చుట్టుపక్కల మోతతో. పక్కన కరెంటు కట్టర్ ఆడుతుంటుంది, ఫోన్లో సినిమా పాట మోగుతుంటుంది. పాట సన్నగా వినిపించినా ఆ రికార్డింగ్ అమ్మకానికి పనికిరాదు. ఆ పాట హక్కు వేరేవాళ్లది, పైగా యూట్యూబ్ లాంటి చోట యంత్రం దాన్ని పట్టేస్తుంది. మహానంది కోనేటి నీటి సవ్వడిని వదులుకున్నది కూడా మైకులో భక్తిగీతాలు మోగుతుండటం వల్లే. కట్టర్ ఆగే భోజన విరామంలో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డ్ చేస్తాను. ఉలి దెబ్బ ఒక్కసారిగా పైకి లేస్తుంది కనుక మీటరు మీద పెద్ద దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఉంచాలి. సున్నా దాటి చిట్లిన శబ్దాన్ని తర్వాత బాగుచేయలేం. దగ్గరి నుంచి, దూరం నుంచి, ఒంటి దెబ్బలుగా, ఆగని వరుసగా, ఇలా విడివిడిగా తీస్తే ఒకే విడతలో పది పన్నెండు క్లిప్పులు వస్తాయి.

కొనేవాడు దొరకాలంటే ట్యాగులే దిక్కు. వీడియో ఎడిటర్ ఆళ్లగడ్డ పేరుతో వెతకడు. ఏ వస్తువు, ఏ పని, ఎంత దూరం, ఏ వేగం, లోపలా బయటా అన్నవే అతనికి కావాలి:

```
stone, chisel, hammer, carving, chipping, sculptor,
workshop, close, steady, mason, quarry, dungeon
```

చివరి `dungeon` నవ్వు తెప్పించవచ్చు. కానీ చెరసాలలో గోడ తవ్వే సన్నివేశానికి ఎడిటర్ వెతికేది ఇదే చప్పుడు. `granite` అని మాత్రం రాయి ఏదో శిల్పిని అడక్కుండా రాయకూడదు. తప్పు ట్యాగు పెడితే కొనేవాడు విని వెళ్లిపోతాడు.

ఇక లైసెన్సు. కొన్నవాడు ఒకసారి డబ్బు కట్టి ఎన్ని వీడియోల్లోనైనా వాడుకోవచ్చు. ఆ చప్పుడునే విడిగా మళ్లీ అమ్మడం కుదరదు. హక్కు నా దగ్గరే ఉంటుంది. ఒకే సైటుకు ప్రత్యేకంగా ఇస్తే వాటా పెరగవచ్చు, కానీ నేను ఎఫెక్టులను ఎవరికీ అలా ఇవ్వను. కొనేవాళ్లు చాలా సైట్లలో చెల్లాచెదురుగా ఉన్నారు.

ఇప్పుడు లెక్క. ధర నాలుగు డాలర్లు, నా వాటా 35 శాతం అనుకుందాం. అంటే 1.40 డాలర్లు. అమెరికా కొనుగోలుదారు నుంచి వచ్చిన రాయల్టీ మీద అక్కడ పన్ను కోస్తారు. W-8BEN ఫారంలో పాన్ నంబరు రాసి భారత్-అమెరికా పన్ను ఒప్పందాన్ని పేర్కొంటే 15 శాతం, లేకపోతే 30 శాతం. ఫారం ఇచ్చాక 1.19 మిగులుతుంది. డాలరు 85 రూపాయలైతే అది 101 రూపాయలు. ఫారం ఇవ్వకపోతే 83. అక్కడ కోసినదాన్ని ఇక్కడి ఆదాయపు పన్ను రిటర్నులో తగ్గించుకునే వీలుంది, ఆధారాలు దాచుకోవాలి.

కూలి, బస్సు, భోజనం కలిపి ఒక విడతకు పదిహేను వందలైతే, ఆ విడత క్లిప్పులన్నీ కలిపి పదిహేను అమ్మకాలకు పెట్టుబడి తిరిగొస్తుంది. రికార్డర్ ధర ఇందులో లేదు, ఇంట్లో ఎడిటింగుకు కూర్చున్న గంటలూ లేవు. ఆ పదిహేను అమ్మకాలు నెలలో రావచ్చు, ఏడాదికి రావచ్చు. అందుకే ఈ డబ్బును ఇంటి నెలసరి ఖర్చులోకి లెక్కపెట్టను. వచ్చినప్పుడు రికార్డింగ్ ఖాతాలో వేస్తాను, తర్వాతి విడత ఖర్చు అందులోంచే.

సంగీతం ముక్కల విషయంలో ఇంకో నిర్ణయం తీసుకున్నాను. సైట్లలో అమ్మే ముక్కలను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేయించను. నమోదైతే డబ్బు కట్టి కొన్నవాళ్ల వీడియోల మీదే నా పేరున క్లెయిమ్ పడుతుంది. నలుగురికీ లైసెన్సు ఇచ్చిన సంగీతాన్ని ఆ వ్యవస్థ నియమాలు అంగీకరించవు కూడా. రిలీజ్ చేయించే కంపెనీల దరఖాస్తులో కంటెంట్ ఐడీ గడికి ముందే టిక్కు పెట్టి ఉందేమో చూసి, ఉంటే తీసేస్తాను.