సంతలో చోటా, సొంత గుమ్మమా?

మా పాడేరు కొండల్లో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు మోయడం మాకు పాత పనే. ఇప్పుడు మా ఆడవాళ్లు అదే పసుపును మరపట్టించి, అరకిలో ప్యాకెట్లు కట్టి ఫోన్‌లో అమ్మాలనుకుంటున్నారు. పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో లిస్టింగ్ పెట్టాలా, సొంత వెబ్‌సైట్ తెరవాలా అన్నది మా ముందున్న ప్రశ్న. లిస్టింగ్ అంటే సంతలో చోటు. జనం ముందే ఉంటారు, ఆశీలు కట్టాలి. వెబ్‌సైట్ అంటే మన ఇంటి గుమ్మం. ఆశీలు లేదు, కానీ దారి తెలిసినవాళ్లే వస్తారు.

మేం పలక మీద లెక్క వేసి చూశాం. ప్యాకెట్ ధర 250 రూపాయలు అనుకుందాం. పసుపు, మర, కవరు కలిపి 130. లిస్టింగ్‌లో కమీషను, రవాణా, వాటి మీద పన్ను కలిపి 90 పోతే మిగిలేది 30. వెబ్‌సైట్‌లో కొరియర్‌కు 70, డబ్బు చెల్లింపు సేవకు 6 పోతే మిగిలేది 44. తేడా 14 రూపాయలు. వెబ్‌సైట్‌కు ఏడాదికి 5,000 ఖర్చయితే, అది రాబట్టడానికే సుమారు 357 ప్యాకెట్లు అమ్మాలి. అంటే దాదాపు రోజుకొకటి. సరుకు అందాక డబ్బు ఇస్తామన్నవాళ్లు తీసుకోకుండా తిప్పి పంపితే రానుపోను 140 మన నెత్తినే పడుతుంది. మూడు ప్యాకెట్ల లాభం అక్కడే పోతుంది.

మరి రోజుకొక ప్యాకెట్ కొనేవాళ్లు ఎవరు? మా దగ్గర పనిచేసి మైదానానికి బదిలీ అయిన టీచర్లు, నర్సులు ఏటా ఫోన్ చేసి పసుపు అడుగుతారు. వాళ్లు మనల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అలాంటివాళ్ల పేర్లు నోటుబుక్కులో రాసి, ఏడాదికి ఎన్ని ప్యాకెట్లు కొంటారో కూడితే జవాబు దొరుకుతుంది. మొత్తం 357 దాటితే వెబ్‌సైట్ నిలుస్తుంది. యాభై అరవై దగ్గరే ఆగితే తెలిసినవాళ్లకు ఫోన్ చాలు, తెలియనివాళ్ల కోసం లిస్టింగ్ పెట్టాలి. లిస్టింగ్‌లో కొన్నవాళ్ల నంబరు సాధారణంగా మన చేతికి రాదు. ప్యాకెట్‌లో మన నంబరు చీటీ పెట్టడాన్నీ చాలా చోట్ల నియమాలు ఒప్పుకోవు. కాబట్టి ప్యాకెట్ మీద మన పేరు, ఊరు పెద్దగా ఉండాలి. గుర్తుపెట్టుకునేది దాన్నే.

కాగితాల సంగతీ ఉంది. ఇంట్లో కట్టిన పసుపుపొడికైనా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ తప్పదు, ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి. చిన్న అమ్మకందారులు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా, ఒక నమోదు సంఖ్య తీసుకుని, సొంత రాష్ట్రంలో మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి వచ్చింది. అయితే హైదరాబాదు ఇప్పుడు మనకు వేరే రాష్ట్రం. అక్కడికి ప్యాకెట్ పసుపుపొడి అమ్మాలంటే, సొంత వెబ్‌సైట్ నుంచైనా సరే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి.

వీటన్నిటికంటే ముందు మన పిన్‌కోడ్‌కు కొరియర్ మనిషి వచ్చి సరుకు తీసుకెళ్తాడో లేదో కనుక్కోవాలి. రాకపోతే ప్రతి ఆర్డరుకూ ఒకరు కొండ దిగాలి. ఆ ఆటో చార్జీ కలిపితే 30 రూపాయలు మిగలవు. అప్పుడు వారానికొకసారి, సంతకు దిగే రోజునే అన్నీ కలిపి పోస్టాఫీసులో ఇవ్వాలి. లిస్టింగ్‌లో ఆలస్యానికి జరిమానా ఉంటుంది కనుక, అంత ఓపిక పట్టేది ఫోన్‌లో అడిగే మన పాత టీచర్లే.