చిటికెన వేలి తిమ్మిరి: నొక్కుడు ఎక్కడ?

చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయని వచ్చేవాళ్లలో చాలామంది మెడ ఎక్స్‌రే చేతిలో పట్టుకునే వస్తారు. ఎక్స్‌రే తీస్తే ఏదో ఒకటి కనబడక మానదు. నలభై దాటినవాళ్లకైతే ఎముకల అరుగుదల, కొద్దిమందికి పుట్టుకతో వచ్చిన అదనపు పక్కటెముక. ఆ కనబడినదాన్నే రోగానికి కారణం అనుకోవడం చాలా సులువు.

ఆ రెండు వేళ్లకు స్పర్శనిచ్చే నరపోగులు మెడ అడుగున, వెన్నుపాము నుంచి సి8, టి1 అనే వేర్లుగా బయలుదేరతాయి. మెడ పక్కన రెండు స్కేలీన్ కండరాల మధ్య సందులోంచి వచ్చి, మొదటి పక్కటెముక మీదుగా కంటె ఎముక కిందకు దిగి, చంక దాటి, జబ్బ లోపలి వైపుగా సాగి, మోచేతి వెనక గుబ్బ పక్కనున్న ఇరుకు దారిలో దూరి చేతిలోకి వెళ్తాయి. మోచేతికి ఏదైనా తగిలితే జివ్వుమనేది ఆ నరమే. దాని పేరు అల్నార్ నరం. ఈ దారిలో ఎక్కడ నొక్కుకున్నా ఫిర్యాదు మాత్రం ఆ రెండు వేళ్ల నుంచే వస్తుంది. మెడకూ చంకకూ మధ్య నొక్కుకుంటే థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అంటాం. మోచేతి దగ్గరైతే క్యూబిటల్ టన్నెల్ సిండ్రోమ్. రెండోది మాకు తరచుగా కనబడుతుంది. మొదటిదాంట్లో నరాన్ని నిజంగా దెబ్బతీసే రకం చాలా అరుదు. కానీ రోగులు మోసుకొచ్చే చీటీల మీద ఆ మొదటి పేరే ఎక్కువగా చూస్తుంటాను.

ఆ మధ్య ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. కుడిచేతి రెండు వేళ్లు రాత్రిళ్లు మొద్దుబారి నిద్ర లేపేస్తున్నాయట. ఎక్స్‌రేలో మెడకు రెండు పక్కలా అదనపు పక్కటెముకలు ఉన్నాయి. ఎక్కడో యాడ్సన్ పరీక్ష చేసి, పాజిటివ్ అని రాసి, ఎముక తీసేసే ఆపరేషన్ గురించి చెప్పి పంపారు.

యాడ్సన్ పరీక్షను 1927లో అమెరికాలోని మేయో క్లినిక్ సర్జన్ ఆల్ఫ్రెడ్ యాడ్సన్ వర్ణించాడు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, రోగిని గట్టిగా ఊపిరి పీల్చి, మెడ వెనక్కి వాల్చి, తల నొప్పి ఉన్న వైపుకు తిప్పమంటారు. నాడి ఆగిపోతే పాజిటివ్. ఇక్కడ ఒక చిక్కుంది. నాడి చెప్పేది రక్తనాళం సంగతి, రోగి చెప్పుకునేది నరం బాధ. ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా చాలామందికి ఆ భంగిమలో నాడి తగ్గుతుంది. నేను ఆ డ్రైవర్‌కు బాగున్న ఎడమ వైపు కూడా అదే పరీక్ష చేశాను. అక్కడా నాడి మాయమైంది. రెండు వైపులా తిమ్మిరి మాత్రం రాలేదు. నాడి పోయిందా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. “ఇదేనా నిన్ను రాత్రి నిద్ర లేపేది?” అన్నది మొదటిది.

పరీక్షలకు ముందు గుండుసూదితో చేతి మీద హద్దులు గీసుకుంటాను. అల్నార్ నరం ఉంగరం వేలిని నిలువుగా రెండుగా చీలుస్తుంది. చిటికెన వేలి వైపు సగం దానిది, మధ్య వేలి వైపు సగం మీడియన్ నరానిది. డ్రైవర్ చేతిలో ఆ గీత స్పష్టంగా ఉంది. చేతి వెనక వైపు కూడా, ఆ రెండు వేళ్ల మొదట్లో, స్పర్శ మందగించింది. ఆ చోటుకు వెళ్లే కొమ్మ మణికట్టుకు కాస్త పైనే విడిపోతుంది గనక నొక్కుడు మణికట్టులో కాదు, అంతకంటే పైన. ఇక ముంజేయి లోపలి అంచు. అక్కడి చర్మానికి వేరే నరం ఉంది. అది చంక దగ్గరే విడిపోతుంది, మోచేతి ఇరుకులోకి దూరదు. మెడ కింద నొక్కుకుంటే ఈ అంచు కూడా మొద్దుబారుతుంది, మోచేతి దగ్గరైతే బాగానే ఉంటుంది. డ్రైవర్‌కు అక్కడ సూది సరిగ్గానే గుచ్చుకుంది. నాకు సగం జవాబు అక్కడే దొరికింది. నన్నడిగితే చేతులు పైకెత్తించే పరీక్షలన్నిటికంటే ఆ ముంజేతి అంచు మీది సూదికే ఎక్కువ విలువిస్తాను.

తరువాత రూస్ పరీక్ష. రెండు చేతులూ భుజాల ఎత్తుకు పక్కలకు ఎత్తి, మోచేతులు లంబంగా వంచి, అరచేతులు ముందుకు పెట్టి, మూడు నిమిషాలు పిడికిళ్లు మూస్తూ తెరుస్తూ ఉండాలి. థొరాసిక్ అవుట్‌లెట్‌కు దీన్నే మంచి పరీక్షగా చెబుతారు. ఒక నిమిషం దాటేసరికి డ్రైవర్ వేళ్లు తిమ్మిరెక్కాయి. అయితే ఈ భంగిమలో భుజం ఎత్తడమే కాదు, మోచెయ్యి వంచడం కూడా ఉంది. మోచెయ్యి పూర్తిగా వంచినప్పుడు నరం సాగుతుంది, అది దూరే ఇరుకు కూడా దాదాపు సగానికి తగ్గుతుంది. కాబట్టి రూస్ పరీక్షలో వచ్చిన తిమ్మిరి రెండు చోట్లలో దేనిదైనా కావచ్చు. మణికట్టులో నొక్కుడున్నవాళ్లకూ ఈ పరీక్షలో వేళ్లు మొద్దుబారతాయి.

అందుకే రెండు కీళ్లనూ విడదీసి అడగాలి. అదే ఎత్తులో చేతులు ఉంచి మోచేతులు చాపమన్నాను. మూడు నిమిషాలూ పిడికిళ్లు మూస్తూ తెరుస్తూనే ఉన్నాడు, భుజం లాగుతోందన్నాడే తప్ప వేళ్ల ఊసెత్తలేదు. కాసేపు విశ్రాంతి ఇచ్చాక చెయ్యి కిందికి దించి, జబ్బ పక్కకు ఆనించి, మోచెయ్యి పూర్తిగా వంచి, మణికట్టు వెనక్కి వంచి పట్టుకోమన్నాను. గుబ్బ వెనక నరం మీద నా వేలితో మెల్లగా నొక్కి ఉంచాను. అర నిమిషం కాకముందే “ఇదే సార్, ఇదే” అన్నాడు. ఎడమ వైపు నిమిషం దాటినా ఏమీ లేదు. ఈ రెండో వైపు చూడటం మానకూడదు. ఎక్కువసేపు పట్టి ఉంచితే ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి జివ్వుమంటుంది.

ఆ నరాన్ని వేళ్లతో తడమడం మన ప్రాంతంలో ఇంకో కారణం వల్ల కూడా తప్పదు. కుష్ఠు రోగానికి ఇష్టమైన చోట్లలో మోచేతి గుబ్బకు కాస్త పైన ఉండే ఈ నరం ఒకటి. నా దగ్గరకు ఒక వ్యవసాయ కూలీ సరిగ్గా ఇవే లక్షణాలతో వచ్చాడు. తడిమితే నరం పెన్సిలంత లావుంది, ముట్టుకుంటే చెయ్యి లాక్కున్నాడు. చొక్కా విప్పిస్తే వీపు మీద స్పర్శ లేని మచ్చ. అతనికి కావలసింది మందుల కోర్సు, నరం వాపుకు స్టెరాయిడ్. డ్రైవర్ నరం లావెక్కలేదు. చర్మం మీద మచ్చలూ లేవు.

బలం చూడటానికి ఒక కాగితాన్ని బొటన వేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకోమని లాగాను. ఇది ఫ్రోమాంట్ పరీక్ష. బొటన వేలిని లోపలికి దగ్గరగా లాగే కండరం అల్నార్ నరానిది. అది బలహీనపడితే మనిషి తనకు తెలియకుండానే బొటన వేలి చివరి కణుపు వంచి కాగితాన్ని పట్టుకుంటాడు. డ్రైవర్ కొద్దిగా వంచాడు. కండరాలు మాత్రం కరగలేదు. నర్వ్ కండక్షన్ పరీక్షలో ముంజేతిలో సెకనుకు 56 మీటర్లున్న వేగం మోచెయ్యి దాటేచోట 38కి పడిపోయింది. తేడా పది మీటర్లు దాటితే అక్కడ నొక్కుడుందని మేం నమ్ముతాం.

కారణం అడిగితే అతనే చూపించాడు. మన లారీల్లో స్టీరింగ్ కుడి వైపు. కుడి మోచెయ్యి గంటల తరబడి కిటికీ అంచు మీద ఆనించి నడిపేవాడు. నిద్రలో చెయ్యి తల కింద మడిచి పడుకునేవాడు. కిటికీ అలవాటు మాన్పించి, రాత్రి మోచేతికి మందపాటి తువ్వాలు చుట్టి, పూర్తిగా వంగకుండా కట్టుకోమన్నాను. ఎనిమిది వారాలకు నిద్ర లేపడం ఆగింది. చిటికెన వేలి కొసన మొద్దుబారినట్టుండటం ఇంకొన్ని నెలలు సాగింది. మెడలోని ఎముకలు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇక రెండో మనిషి సంగతి వేరు. ఒక స్కూల్ టీచరమ్మ, ముప్పై లోపు వయసు. బోర్డు మీద రాస్తుంటే చెయ్యి బరువెక్కుతుందనీ, జడ వేసుకోలేకపోతున్నాననీ చెప్పింది. బొటన వేలి మొదట్లో ఉండే కండ పల్లమై పోయింది. దాన్ని చూసి మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుందని ఎవరో పట్టీ ఇచ్చారు. మణికట్టు నొక్కుడు వల్ల కండ అంతగా కరిగితే బొటన, చూపుడు, మధ్య వేళ్లలో స్పర్శ తప్పకుండా పోవాలి. ఆమెకు ఆ మూడు వేళ్లూ చక్కగా ఉన్నాయి. తిమ్మిరి చిటికెన వేలి వైపు, పైగా ముంజేయి లోపలి అంచు పొడవునా. బొటన వేలి కండకు వెళ్లే పోగులు మీడియన్ నరంలో ప్రయాణించినా, పుట్టేది టి1 వేరులోనే. అవీ, ముంజేతి అంచు పోగులూ, చిటికెన వేలి పోగులూ ఒకే కట్టలో ఉండే చోటు మొదటి పక్కటెముక మీదే.

మోచెయ్యి వంచే పరీక్షలో ఆమెకు ఏమీ రాలేదు. మోచేతులు చాపి చేతులు ఎత్తితే నిమిషం కాకుండానే దించేసింది. కంటె ఎముక పైన వేలితో నొక్కితే చిటికెన వేలి దాకా పాకింది. ఎక్స్‌రేలో అదనపు పక్కటెముక లేదు. ఏడో మెడ ఎముక పక్క కొమ్ము మాత్రం కాస్త పొడుగ్గా ఉంది. అలాంటి కొమ్ము చివరి నుంచి మొదటి పక్కటెముక దాకా ఎక్స్‌రేలో కనబడని నారపట్టీ సాగి, కింద వైపు నరాన్ని ఎత్తి పట్టి ఉంచుతుంది. కండక్షన్ పరీక్షలో ముంజేతి అంచు నరం స్పందించలేదు, చిటికెన వేలి స్పర్శ సంకేతం చిన్నది, మీడియన్ స్పర్శ సంకేతం మామూలుగా ఉంది. మెడలో డిస్క్ వల్ల వేరు నొక్కుకుంటే ఈ స్పర్శ సంకేతాలు సాధారణంగా చెడవు. ఎందుకంటే స్పర్శ పోగుల కణాలు ఆ నొక్కుడుకు అవతల, చేతి వైపు ఉంటాయి.

ఆపరేషన్లో ఆ పట్టీ దొరికింది, కోసేశారు. బరువూ నొప్పీ పోయాయి. బొటన వేలి కండ తిరిగి నిండలేదు. నిండుతుందని ఆపరేషన్‌కు ముందు నేనూ చెప్పలేదు, సర్జనూ చెప్పలేదు. తెగిన పోగు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మొదటి పక్కటెముక నుంచి అరచేతి దాకా అరవై సెంటీమీటర్ల పైమాటే. అంటే ఇరవై నెలలకు తక్కువ కాదు. నరం అందని కండరం ఏడాదిన్నర దాటితే సాధారణంగా కోలుకోదు. డ్రైవర్‌కు చాలావరకు పోయింది పోగు కాదు, దాని మీది పొర. అది వారాల్లో, నెలల్లో మళ్లీ అల్లుకుంటుంది. అందుకే అతన్ని తువ్వాలుతో సరిపెట్టి పంపగలిగాను. అతని చేతిలో కండ కరగడం కనబడి ఉంటే ఎనిమిది వారాలు ఆగకుండా ఆ రోజే సర్జన్ దగ్గరకు పంపేవాణ్ణి.