నిద్ర పట్టనివ్వని బిళ్ల

శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కన పనిచేసే డాక్టర్లకు లారీ డ్రైవర్లు కొత్త కాదు. తెల్లవారుజామున వచ్చే ప్రమాదం కేసుల్లో డ్రైవరు నోట మందు వాసన లేకపోతే, నేను మొదట అడిగేది చివరిసారి ఎప్పుడు పడుకున్నావని. ఆ ప్రశ్న ఎందుకో ఈ కేసు చెబుతుంది.

అతనికి నలభై ఏళ్లుంటాయి. కైకలూరులో ఐసు వేసి నింపిన చేపల ట్రేలతో హౌరాకు బయల్దేరాడు. దాదాపు 1200 కిలోమీటర్ల దారి. ఐసు కరిగేలోగా సరుకు మార్కెట్‌కు చేరాలి. రెండో డ్రైవరు లేడు, తోడు క్లీనరు ఒక్కడే. సరుకు దించగానే తిరుగు లోడు దొరికింది, ఓనరు వెంటనే బయల్దేరమన్నాడు. మూడో రాత్రి బాలాసోర్ దాటాక ధాబాలో రొట్టె తింటుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. పక్క మంచం మీదున్న మరో డ్రైవరు కాగితం పొట్లం విప్పి ఎర్రటి బిళ్లలు రెండు చేతిలో పెట్టాడు. "ఒకటి వేసుకో అన్నా, తెల్లారేదాకా కన్ను వాలదు" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు.

తొమ్మిదింటికి ఒకటి మింగాడు. అరగంట దాటేసరికి వంట్లో బరువంతా దిగిపోయినట్లనిపించిందట. రెండింటికి మళ్లీ తల వాలుతుంటే రెండోది కూడా వేసుకున్నాడు. ఇచ్ఛాపురం దాటాక, అయిదున్నర ప్రాంతంలో, రోడ్డుకు అడ్డంగా గేదె నిలబడింది. బ్రేకు తొక్కి స్టీరింగు తిప్పాడు. లారీ మార్జిన్ దిగి మట్టికట్టకు తగిలి ఆగింది. అక్కడ గేదె లేదని క్లీనరు చెప్పాడు.

నుదుటి మీద గాయం చిన్నదే. నాడి మాత్రం నిమిషానికి 130, బీపీ 170/110. చెమటలు, ఎండిపోయిన నోరు. టార్చి వేసి చూస్తే కంటిపాపలు బాగా విచ్చుకుని ఉన్నాయి. దవడ బిగించి పళ్లు నూరుతూనే ఉన్నాడు. నిద్ర లేక అలసిన మనిషి ఇలా ఉండడు. "ఏమన్నా వేసుకున్నావా?" అంటే లేదన్నాడు. క్లీనర్ని బయటికి పంపి, "ఏ మందు ఇవ్వాలో నాకు తెలియాలి బాబూ, అందుకే అడుగుతున్నా" అన్నాక చెప్పాడు.

ఈసీజీ తీసి, జ్వరం చూసి, డయజెపాం ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టాం. గుండె వేగం తగ్గింది. ఆ మధ్యాహ్నం పడుకున్నవాడు మర్నాడు ఉదయానికి గానీ లేవలేదు.

బిళ్ల ఏదో కచ్చితంగా చెప్పలేను. స్ట్రిప్పు లేదు, పేరు లేదు. లక్షణాలు మాత్రం ఆంఫెటమిన్ జాతి మందువి. ఈశాన్య రాష్ట్రాల్లో పట్టుబడే యాబా బిళ్లల్లో మెథాంఫెటమిన్, కెఫీన్ కలిసి ఉంటాయి. పొట్లంలో వచ్చే బిళ్లలో ఏది ఎంత ఉందో అమ్మేవాడికీ తెలియదు.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. నిద్ర ముంచుకు రావడానికి ముఖ్య కారణం అదే. దాన్ని తగ్గించేది నిద్రే. బిళ్ల చేసేదల్లా డోపమిన్, నారడ్రెనలిన్‌లను ఒక్కసారిగా వదిలి మెదడును అదిలించడం. డిశ్చార్జి రోజు అతనికి ఇలా చెప్పాను: "డీజిల్ మీటరు ముల్లును పైకి కట్టేస్తే ట్యాంకు నిండదు కదా." తల ఊపాడు.

అందుకే మందు దిగేటప్పుడు ప్రమాదం మరింత పెరుగుతుంది. పాత నిద్రంతా ఒక్కసారి మీద పడుతుంది, అదీ రెండు నుంచి అయిదు గంటల మధ్య, శరీరం ఎలాగూ నిద్ర కోరే వేళలో. కళ్లు తెరిచే ఉన్నా మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. 60 వేగంతో నాలుగు సెకన్లంటే 65 మీటర్లకు పైనే. నిద్రలేమికి మందు తోడైతే లేని గేదెలు కనిపిస్తాయి.

ఆవలింతలు ఆగకపోయినా, దాటిన మైలురాయి గుర్తు లేకపోయినా, బండి గీత దాటుతున్నా ఆపాల్సిందే. భద్రమైన చోట బండి పెట్టి, కాఫీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు పడుకోవాలి. కాఫీ పనిచేయడం మొదలయ్యేసరికి మెలకువ వస్తుంది. లేచాక పది నిమిషాలు ఆగి స్టీరింగు పట్టుకోవాలి. దీంతో దొరికేది గంటా రెండు గంటల చురుకుదనమే. రాత్రంతా నడపడానికి అది చాలదు.

మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. 2025లో రద్దయ్యేదాకా, సాధారణంగా రోజుకు 8 గంటల పని, 5 గంటల తర్వాత కనీసం అరగంట విరామం అని అందులో ఉండేది. ఈ డ్రైవరు ఆ లెక్క ఎన్నిసార్లు దాటాడో మూడు రాత్రుల ప్రయాణమే చెబుతుంది. ధాబాలో బిళ్ల ఇచ్చినవాడిదెంత తప్పో, ఒక్క డ్రైవరుతో తిరుగు లోడు ఎక్కించినవాడిదీ అంతే తప్పు. కేసు షీట్‌లో నేను బిళ్లతో పాటు పని గంటలు కూడా రాశాను. ప్రతి డాక్టరూ రాయాలి. రాయకపోతే డ్రైవరు నిర్లక్ష్యమని ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు.